పండుగ లేని ఇంటికి దసరా నాడు పోతే ఏం మాట్లాడాలి

ఆరేడేళ్ల కింద హన్మకొండలో మా వెనక వీధిలో ఒక ఇంటికి దసరా సాయంత్రం పోయాను. గుడి నుంచి వస్తున్నాను, చేతిలో జమ్మి ఆకు ఉంది. వీధి మొదటి నుంచి ఒక్కో ఇంటికీ పోయి పెద్దల చేతిలో జమ్మి పెట్టి, కాళ్లు మొక్కి, అలాయ్ బలాయ్ చేసుకుంటూ వస్తుంటే అదే ఊపులో ఆ గేటు కూడా తీశాను. "బంగారం తీసుకో చిన్నమ్మా" అని ఆకు చేతిలో పెట్టాను. ఆమె తీసుకుంది. తీసుకున్నాక మెల్లగా, "మాకు ఈ ఏడు పండుగ లేదు కద బిడ్డా" అంది. ఆమె పెద్ద కొడుకు పోయి నాలుగు నెలలు. దినాలకు పోయి అన్నం తిని వచ్చినవాణ్ణే నేను. ఆ గేటుకు మామిడి తోరణం లేదు, ముందు ముగ్గు లేదు, ఒక్క బంతిపువ్వు లేదు. అవన్నీ చూసే గేటు తీశాను, కానీ కళ్లు చూసింది తలకు ఎక్కలేదు.

ఆ తర్వాత నుంచి దసరాకు ముందే కొంచెం సిద్ధపడటం నేర్చుకున్నాను. ఇక్కడ రాస్తున్నది దసరా ఒక్కదాని గురించే. మన దిక్కు చావు ఇంటికి ఎక్కువ బరువయ్యే పండుగ ఇదే. సంక్రాంతికి సకినాలు పోయకపోతే అది ఇంటి లోపలి సంగతి, బయటివాళ్లకు తెలియకుండా కూడా గడిచిపోతుంది. దసరా అట్లా కాదు. తొమ్మిది రోజులు వీధిలో బతుకమ్మ ఆడతారు, దసరా సాయంత్రం ఊరంతా ఒకరి గడపకు ఒకరు పోతారు. పండుగ లేని ఇల్లు ఆ రోజు బయటపడకుండా ఉండలేదు.

ముందుగా: వాళ్లకు పండుగ ఏ మేరకు ఆగిందో తెలుసుకోండి

"పండుగ లేదు" అనే మాట అందరి ఇళ్లలో ఒకటి కాదు. కొందరు ఏడాది మాసికం అయ్యేదాకా ఏ పండుగా చేయరు. కొందరు ఉగాది దాటితే చాలంటారు. ఇంకొందరు దేవుడి దగ్గర దీపం పెట్టి, మామూలు అన్నం వండుకొని ఊరుకుంటారు, కొత్త బట్టలు, పిండివంటలు మాత్రం ఉండవు. పాలోళ్ల సంగతి వేరు. వాళ్లకు ముట్టుడు పది పదకొండు రోజులే అయినా, దగ్గరి వాళ్లయితే మనసొప్పక వాళ్లూ ఆపుకుంటారు. మీ ఇంటి పద్ధతి ఇది కాబట్టి వాళ్లదీ ఇదే అనుకోకండి. పక్కపక్క ఇళ్లలోనే తేడాలుంటాయి.

ఇది ఇంటి ఇల్లాలిని అడగకూడదు. చనిపోయినవాళ్ల తమ్ముణ్ణో, బామ్మర్దినో, పాలోళ్లలో ఒకర్నో అడగండి. మాట ఇంతే చాలు: "అన్నా, వదినోళ్లకు ఈసారి పండుగ ఉన్నదా, ఆగిందా?" ఉన్నది, లేదు అన్న జవాబుతో పాటు ఇంకో రెండు సంగతులు కనుక్కోండి. ఇంట్లో నీసు వండుతారా, జమ్మి తీసుకుంటారా అని. దసరా నాడు తెలంగాణ ఇంట్లో మాటలన్నీ ఆఖరికి ఈ రెండింటి మీదికే వస్తాయి. ఇవి తెలిస్తే సగం పొరపాట్లు జరగవు.

పెత్రమాస నాడు బియ్యం ఇచ్చారా అని మాత్రం అడగకండి. కొన్ని ఇళ్లలో కొత్తగా పోయినవాళ్లను ఏడాది దాటాకే పెద్దల్లో కలుపుతారు. మీ ప్రశ్నతో "మేమేమన్న తప్పు చేసినమా" అని ఇంటావిడకు లేనిపోని టెన్షన్ పట్టుకుంటుంది.

తర్వాత: ఫోన్ సర్దుకోండి

దసరా పొద్దున ఏడు గంటలకు అలవాటుగా అందరికీ ఒకేసారి అమ్మవారి బొమ్మ, శుభాకాంక్షలు పంపేస్తాం. ముందు రోజు రాత్రే ఆ జాబితా తెరిచి, ఈ ఏడాది చావు జరిగిన ఇళ్ల పేర్లు తీసేయండి. ఇల్లాలి నంబరు తీసేసి కొడుకుది మరిచిపోతాం. ఇద్దరివీ చూడండి. పోయిన మనిషి నంబరు కూడా చూడండి, అది ఇప్పుడు భార్య చేతిలోనో బిడ్డ చేతిలోనో ఉంటుంది. ఆ ఫోన్‌కు "మీకు, మీ కుటుంబ సభ్యులకు దసరా శుభాకాంక్షలు" అని వచ్చిందంటే తెరిచి చదివేది వాళ్లే.

శుభాకాంక్షలకు బదులు ఒకటి రెండు రోజుల ముందే విడిగా ఒక మెసేజ్ పెట్టండి. నేను పోయినేడు పెట్టింది ఇది:

"వదినా, ఎల్లుండి దసరా. అన్న లేకుండ మొదటిసారి. నేను మూడు గంటలకు ఒకసారి వచ్చి కూసుంట. చాయ్ గీయ్ ఏం పెట్టకుండ్రి. రావద్దంటే చెప్పు, ఇంకోనాడు వస్త."

ఇందులో గమనించాల్సింది చివరి వాక్యం. పండుగ రోజు ఎవరి మొహమూ చూడబుద్ధి కానివాళ్లు ఉంటారు. వద్దనే దారి మీరే చూపిస్తే, వాళ్లు సాకు వెతుక్కునే పని ఉండదు. "ఆత్మకు శాంతి కలగాలి" అని మళ్లీ రాయకండి. అది చావు కబురు విన్ననాటి మాట. రెండు నెలల తర్వాత అదే మాట రాస్తే, ఇంకేం రాయాలో తోచక రాసినట్టే ఉంటుంది.

ఎప్పుడు పోవాలి

చాలామంది అనుకునేది రాత్రి, జమ్మి పంచుడు అంతా అయిపోయాక పోవాలని. నాకు అది సరైన వేళ అనిపించదు. పోయిన మనిషి దసరా నాడు ఇంట్లో ఏ పని చేసేవాడో గుర్తు తెచ్చుకోండి. ఆ పని జరగాల్సిన గంటే ఆ ఇంట్లో బరువైన గంట. యాట కోయించి పాళ్లు పంచేవాడైతే పొద్దున. బండ్లకు పూజ చేసేవాడైతే పదీ పదకొండు. పిల్లల్ని వెంటబెట్టుకొని జమ్మి కాడికి పోయేవాడైతే పొద్దుగూకే ముందు. పోయింది ఇంటి ఆడమనిషైతే లెక్క మారుతుంది. అప్పుడు బరువైనది దసరా కాదు, సద్దుల బతుకమ్మ మధ్యాహ్నం. తంగేడు, గునుగు కొసలు కోసి, రంగులద్ది, తాంబాలంలో వరుసలు పేర్చే వేళ.

మా ఎదురింటి అన్నకు మోటార్లు చుట్టే షాపు ఉండేది. దసరా నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పనిముట్లన్నీ ఇంటికి తెచ్చి, కిరోసిన్‌తో తుడిచి, వాకిట్లో గోనెసంచి మీద పెద్దదాని పక్కన చిన్నది వరుసగా పేర్చేవాడు. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసేవాడు. మా పిల్లలు కూడా స్పానర్లు అందించడానికి పోయేవాళ్లు. శ్రావణంలో గుండెపోటుతో పోయాడు. అందుకే నేను మూడు గంటలు అని రాశాను.

మీ ఇంట్లో పూజ ఉంటే అది ముగించుకొని పోండి. చావు ఇంటికి పోయొచ్చి స్నానం చేయకుండా దేవుడి గదిలోకి రావద్దనే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. దినాలు దాటాక ఆ పట్టింపు అక్కర్లేదని కొందరంటారు, వాదన మనకొద్దు. పూజ తర్వాత పోతే ఆ గొడవే రాదు. ముఖ్యంగా, "ఇంటికి పోయి తానం జెయ్యాలె" అని వాళ్ల ముందు అనే పరిస్థితి రాదు. ఆ మాట నేను చెవులారా విన్నాను, అన్నది ఒక దగ్గరి చుట్టమే.

గడప దగ్గర మొదటి మాట

కొత్త బట్టలు వేసుకొని ఉంటే మార్చుకొని పోండి. మొదటి మాటగా మనకు ఎప్పటినుంచో ఉన్నదే మంచిది: "తిన్నరా వదినా?" కానీ దసరా నాడు దాని వెనకాలే నోట్లోంచి వచ్చేది "ఏం వండిన్రు?" అన్న ప్రశ్న. అక్కడ ఆగాలి. ఆ రోజు ఆ ప్రశ్నకు అర్థం యాట కూర ఉందా అనే. చారు అన్నం తిన్నామని ఆమెతో చెప్పించడం ఎందుకు?

కూర్చున్నాక పోయిన మనిషిని మీరే మాటలోకి తేవాలి. చాలామంది ఇక్కడే వెనకాడతారు. గుర్తు చేస్తే ఏడుస్తారని భయం. వాళ్లు పొద్దున లేచినప్పటి నుంచి అదే ఆలోచనలో ఉన్నారు, మీరు కొత్తగా గుర్తు చేసేది ఏమీ లేదు. ఆయన సంగతి తప్ప అన్నీ మాట్లాడి లేచిపోతే, వచ్చినాయన కూడా మరిచిపోయాడని అనుకుంటారు. అయితే "మంచి మనిషి, దేవుడి అసొంటోడు" అని పొగడొద్దు. ఒక చిన్న సంగతి, మీ కళ్లతో చూసింది, చెప్పండి. ఆ రోజు మా మాటలు ఇట్లా సాగాయి.

"తిన్నరా వదినా?"

"ఆఁ, తిన్నం తమ్మీ. కూసో."

కాసేపు కూర్చున్నాను. వాకిట్లో గోనెసంచి లేదు. నేనే అన్నాను: "పోయినేడు ఈ యాళ్లకు అన్న పెద్ద పానా దొరుకుతలేదని మా ఇల్లంత దేవులాడిండు. ఆఖరికి చూస్తే మా చిన్నోడు దాని మీదనే కూసున్నడు."

వదిన నవ్వింది, నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నేనేం మాట్లాడలేదు. ఇట్లాంటప్పుడు "ఏడ్వకు వదినా" అనే మాట నోటి చివరిదాకా వస్తుంది. అనకండి. నీళ్ల గ్లాసు అందివ్వండి, లేదా ఊరికే ఉండండి. కొంచెంసేపటికి ఆమే మొదలుపెట్టింది. పనిముట్లు షాపులోనే ఉన్నాయని, షట్టర్ తీయబుద్ధి కాలేదని, కొడుకు పొద్దున నుంచి ఒక్క మాట మాట్లాడలేదని. నేను అడిగి ఉంటే ఇందులో ఒక్కటీ చెప్పేది కాదేమో.

ఇక అనకూడనివి. "పిల్లల కోసమన్న కొంచెం పండుగ చేసుకోకపోయిన్రా" అంటే తల్లిగా ఆమె లోటు చేసినట్టు. "ఏడాది దాటితె అన్ని సర్దుకుంటయి" అంటే ఏడాది ఆమెకు గడువు పెట్టినట్టు. "ఎక్కువ తిప్పలు పడకుండ పోయిండు, అదృష్టవంతుడు" అనే మాట డెబ్బై ఎనభై ఏళ్ల మనిషి గురించి ఆయన పిల్లలే అంటే వినొచ్చు, మనం అనొద్దు. "గుండె రాయి చేసుకోవాలె" అన్నది రెండు నెలల నుంచి వంద మంది అని ఉంటారు. "మీకు లేదని మేం కూడ సాదాగనే చేసుకున్నం" అన్నదీ ఒకటుంది. ఇది మంచి మాటలాగే కనిపిస్తుంది. కానీ మీ ఇంట్లో యాట కూర వాసన వాళ్ల ఇంటిదాకా వచ్చే ఉంటుంది.

కొడుకు సంగతి వేరుగా చూడండి. పదిహేను ఇరవై ఏళ్ల పిల్లవాడికి ఆ రోజు అందరూ చెప్పే మాట ఒకటే, "ఇగ ఇంటికి నువ్వే పెద్ద". దాన్ని వదిలేసి పని గురించి ఒక మాట అడగండి. నేను అడిగింది, "షాపుల చుట్టడానికిచ్చిన మోటార్లు ఎవరియన్న ఉన్నయా తమ్మీ, తాళం చెవి ఎవరి కాడున్నది?" అని. రైతులవి రెండు మోటార్లు ఉన్నాయన్నాడు, పైసలు ముందే తీసుకున్నారట. పండుగ తెల్లారి ఇద్దరం పోయి షట్టర్ తీశాం. ఓదార్పు మాటలకు తల వంచుకొని కూర్చున్న పిల్లవాడు దీనికి తలెత్తి జవాబు చెప్పాడు.

కూర, పిల్లలు, జమ్మి

స్వీటు డబ్బా తీసుకుపోకండి, దాని మీద పండుగ రాసి ఉంటుంది. వండిన కూర పంపాలనుకుంటే పిల్లలు లేనప్పుడు తల్లిని మెల్లగా అడగండి: "వదినా, పిల్లలకు గిన్నెల కూర పంపనా, వద్దా?" ఆమె వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. ఇంకోసారి అడగొద్దు. పిల్లలను నేరుగా "మా ఇంటికి రార్రి, మటన్ తిందురు" అని పిలవడం మాత్రం అన్యాయం. పోనిస్తే చుట్టాలు ఏమంటారో, ఆపితే పిల్లల మొహం చూడలేదు. ఆ తల్లిని ఆ ఇరుకులో పెట్టేది మన ప్రేమే.

జమ్మి సంగతి నేను ఒకసారి చేయి కాల్చుకున్నాను కాబట్టి గట్టిగానే చెప్తాను. చేతిలో పట్టుకొని గడప దాటకండి, జేబులో ఉంచుకోండి. బంగారం అనే మాట అనకండి. అలాయ్ బలాయ్ కోసం చేతులు చాచకండి. పండుగ ఆగిందని మీకు ముందే తెలిస్తే ఇంతటితో సరి. కానీ ఇంట్లో అందరి మనసూ ఒకటే కాకపోవచ్చు. ఆ రోజు నేను రెండోసారి, చీకటి పడ్డాక, షాపు తాళం సంగతి మాట్లాడటానికి పోతే, మూలకు మంచం మీద ఉన్న అన్న వాళ్ల అవ్వ అడిగింది: "జమ్మి తేలేదా బిడ్డా?" నేను వదిన మొహం చూశాను. ఆమె తలూపింది. అప్పుడు జేబులోంచి తీసి అవ్వ చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను, ఏమీ అనలేదు. అవ్వ ఆ ఆకును కొడుకు ఫోటో కాడ పెట్టమని మనవడికి ఇచ్చింది. వదినకు నేను ఇవ్వలేదు, ఆమె అడగలేదు. జేబులో ఉంచుకొమ్మన్నది ఇందుకే. అడిగితే ఉండాలి, అడగకపోతే కనిపించకూడదు.

పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ

ఈ ఇంట్లో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకరుంటారు, పెళ్లయిన బిడ్డ. ఆమెకు తండ్రి మైల మూడు రోజులే అంటారు, అత్తగారింట్లో పండుగ ఉంటుంది. బతుకమ్మకు పుట్టింటికి రావడం మన ఆచారం కాబట్టి వచ్చింది, వస్తే ఇక్కడ బతుకమ్మ లేదు. వీధిలో ఆడవాళ్లు "రా బిడ్డా, నీకేమైతది, నువ్వు వేరే ఇంటి కోడలివి" అని పిలుస్తారు. వాళ్లు లెక్క ప్రకారం సరిగానే అంటున్నారు. కానీ బాపు పోయి రెండు నెలలు కాలేదు, నువ్వు ఈ ఇంటిదానివి కాదు అన్నట్టు వినిపిస్తుంది ఆమెకు. ఆడకపోతే అత్తగారు ఏమనుకుంటారో అని ఒక దిక్కు, ఆడితే అమ్మ ఏమనుకుంటుందో అని ఒక దిక్కు.

మా ఆవిడ ఆమెతో అన్నది నాకు నచ్చింది. "నువ్వు ఆడినా ఆడకున్నా ఎవ్వరేమనరు. నేను పద్మాక్షి గుట్ట కాడికి పోతలేను, మా ఇంటి ముందటనే ఆడుతం. నీకు మనసైతే వచ్చి నిలవడు, లేకుంటే మీ అమ్మ కాడ కూసో." రమ్మనలేదు, వద్దనలేదు. ఆ అమ్మాయి రాలేదు, వాళ్ల గేటు లోపల నిలబడి పాట వింది. సద్దులు పంచేటప్పుడు మా ఆవిడ ఆమెను కేకేసి పిలవకుండా, నువ్వుల పొడి, మలీద ఒక గిన్నెలో వేసి గేటు మీంచి చేతికిచ్చింది.

భర్త పోయిన ఇల్లాలితో బొట్టు, గాజులు, వాయినం ఊసు ఆ నాలుగు రోజులూ ఎత్తకుండా ఉండటమే మేలు. "ఈ కాలంల అవన్ని ఎవరు పట్టించుకుంటున్నరు వదినా, పెట్టుకో" అని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. అది మంచి ఉద్దేశమే, నేనూ అట్లాగే నమ్ముతాను. కానీ ఆ నిర్ణయం పండుగ నాడు పదిమంది ముందు తీసుకునేది కాదు.

లేచేటప్పుడు

ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. మామూలుగా మనం "పోత" అనం, "పోయొస్త" అంటాం. చావు ఇంట్లో ఇది తిరగబడుతుంది. దినాల్లో అయితే చెప్పకుండానే లేచి పోతాం, వాళ్లు కూడా మళ్లీ రమ్మనరు. దినాలు దాటాక "వస్త" అనొచ్చని కొందరు, ఏడాది దాకా అనొద్దని కొందరు. ఇంట్లో ముసలివాళ్లుంటే నేను రెండూ అనను. "ఉంట మరి వదినా, తలుపు దగ్గరికేస్కో" అని లేస్తాను. ఆమె గేటు దాకా వస్తే రానివ్వండి, రాకపోతే పట్టించుకోకండి.

నోరు జారితే

ఎంత జాగ్రత్త పడ్డా గేటు దగ్గర అలవాటుగా "హ్యాపీ దసరా" వచ్చేస్తుంది. అప్పుడు నాలుక కరుచుకొని, చెంపలేసుకొని, ఐదు నిమిషాలు క్షమాపణలు చెప్పామనుకోండి, చివరికి ఆమే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. "అలవాటుల వచ్చింది వదినా, ఏమనుకోకు" అని ఒక్క మాట చాలు, తర్వాత "అవ్వ తిన్నదా?" అని ముందుకు పోండి. మెసేజ్ పొరపాటున వెళ్తే తీసేసినా, తీసేసినట్టు ఆనవాలు అక్కడే ఉంటుంది. తీసేయకుండా దాని కిందే రాయండి: "వదినా, ఇది అందరికీ పోయిందాంట్ల మీకూ వచ్చింది. మీకు పంపాలనుకున్నది కాదు. సాయంత్రం వస్త."

దసరా అయిన ఇరవై రోజులకు దీపావళి. అప్పుడు ఇన్ని మాటలు అక్కర్లేదు, ఒక్కటి ముందే చెప్పి ఉంచండి. మా వీధిలో పిల్లలు టపాకాయలు కాల్చేది ఎదురింటి గేటు ముందరి సిమెంటు రోడ్డు మీద, అక్కడే జాగా ఎక్కువ. పోయినేడు రెండు రోజుల ముందే వదినకు చెప్పాను, ఈసారి పిల్లల్ని వీధి చివర ఖాళీ ప్లాటు కాడికి తీసుకుపోతామని. "ఎందుకు తమ్మీ, ఈడనే కాల్చుకోనియ్యి, మా పోరడు కూడ చూస్తడు" అంది. సరే అని అక్కడే కాల్చాం.